తిరిగొచ్చిన బడ్జెట్‌ను మళ్లీ పంపేముందు

గ్రాంట్ కోసం స్వచ్ఛంద సంస్థ పంపిన ప్రపోజల్‌లోని బడ్జెట్ చూసి "ఖర్చులు సమంజసంగా లేవు, ఆధారాలు సరిపోవు" అని నిధులిచ్చేవారి రివ్యూయర్ రాయగానే చాలామంది కంగారుపడి ప్రతి లైన్‌లోనూ ఇంత శాతం అని కోసేస్తారు. దయచేసి అలా చేయకండి. అన్ని అంకెలూ ఒకే మోతాదులో తగ్గితే, మొదటిసారి వేసినవి లెక్క కట్టి వేసినవి కావని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ వైపు భవన నిర్మాణ పనులకు వచ్చిన తెలుగు కూలీల పిల్లలకు చదువు చెప్పే ఒక సంస్థ ఉందనుకుందాం. బడ్జెట్‌లో "ప్రయాణాలు: 3,60,000" అని ఒక్క ముక్క రాసి ఉంది. ఇక్కడ రివ్యూయర్‌కు మూడు సందేహాలు వస్తాయి. రేటు ఎక్కువా? రోజులు ఎక్కువా? ఆ బండి వేరే ప్రాజెక్టుకూ తిరుగుతోందా? మూడింటికీ విడివిడిగా జవాబు ఉండాలి. రోజుకు కారు అద్దె 2,400, నెలకు 8 రోజులు, 12 నెలలు అంటే 2,30,400. ఎనిమిది రోజులే ఎందుకంటే కేంద్రాలు నాలుగు, ఒక్కోదానికి నెలకు రెండు సందర్శనలు. ఇలా రాస్తే అంకె తగ్గడానికి కారణం కూడా కనిపిస్తుంది. జీతాలకూ ఇదే పద్ధతి. కోఆర్డినేటర్ జీతం నెలకు 45,000 అయినా, ఈ పనికి ఆమె సమయంలో 60 శాతమే పడితే ఏడాదికి 3,24,000 మాత్రమే వేయాలి. ఆ 60 శాతాన్ని టైమ్‌షీట్ చూపించాలి.

కొటేషన్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. మూడు దుకాణాల నుంచి తెచ్చినా, మూడింటిలోనూ ఒకే మోడల్, ఒకే వారంటీ లేకపోతే వాటిని పోల్చలేం. తేదీ, ఎన్నాళ్లు చెల్లుతుంది, జీఎస్టీ కలిపారా లేదా అనేవి చూసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని సంస్థకు ఆ పన్ను తిరిగి రాదు, కాబట్టి అది కూడా ఖర్చే. పాత తేదీతో కొటేషన్ రాయించుకోవడం మాత్రం వద్దేవద్దు. లేని కాగితం లేదని చెప్పి, ఇప్పటి తేదీతో కొత్తది జతచేస్తే తప్పేమీ లేదు.

విదేశీ నిధులైతే ఇంకో చిక్కుంది. విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద, 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చులు ఆ ఏడాది వచ్చిన విదేశీ నిధుల్లో 20 శాతం దాటకూడదు. సంస్థకు ఆ ఏడాది వచ్చే విదేశీ డబ్బు ఈ గ్రాంట్ ఒక్కటే, అది 20 లక్షలు, అందులో పరిపాలనకు 3.8 లక్షలు అనుకోండి. అంటే పరిపాలన వాటా 19 శాతం. రివ్యూయర్ కోసం కార్యక్రమాల ఖర్చులో 2 లక్షలు తగ్గిస్తే మొత్తం 18 లక్షలవుతుంది, పరిపాలన వాటా 21 శాతం దాటుతుంది. కోత పెట్టిన ప్రతిసారీ ఈ శాతం మళ్లీ చూడండి.

సందర్శనలు తగ్గించి, ప్రపోజల్‌లో మాత్రం పాత సంఖ్యే వదిలేస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. రివ్యూయర్ వ్యాఖ్య, పాత అంకె, కొత్త అంకె, కారణం, జతచేసిన కాగితం అన్నీ ఒకే పట్టికలో పెట్టి పంపండి. తగ్గించలేని ఖర్చు ఉంటే అక్కడే చెప్పండి, దాని రుజువును పక్కనే పెట్టండి.