కాలరేఖ కిక్కిరిసి, పట్టికతో పొసగనప్పుడు: ఇంగ్లండ్ మత సంస్కరణల అధ్యాయం

పాలకులు, సంస్కరణలు, గ్రంథాలు మూడూ ఒకే బొమ్మలో చూపించాలనుకుంటే ఎక్కువగా ఎదురయ్యే మూడు ఇబ్బందులు ఇవి. 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మూడూ అక్కడే దొరుకుతాయి.

సమస్య 1: మధ్యలో లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, కుడివైపు అంతా ఖాళీ

1520 నుంచి 1620 వరకు వందేళ్లను 12 సెంటీమీటర్ల గీత మీద పరిస్తే ఏడాదికి 1.2 మిల్లీమీటర్లు వస్తుంది. 1547లో ఎనిమిదో హెన్రీ చనిపోయాడు, 1558లో ఎలిజబెత్ రాణి అయింది. మధ్యలో ఆరో ఎడ్వర్డ్, మేరీల పాలన మొత్తానికి దక్కేది 13 మిల్లీమీటర్లే. ఆరాధన విధానం నాలుగుసార్లు మారిన కాలం మాత్రం దాదాపు అదే.

చాలామంది అక్షరాలు చిన్నవి చేస్తారు. తెలుగులో అది పనికిరాదు, వత్తులు ముద్దయిపోతాయి. ఇంకొందరు ఆ పదకొండేళ్లను మాత్రమే సాగదీస్తారు. అది ఇంకా ప్రమాదం: ఎడ్వర్డ్ ఆరేళ్ల పాలన ఎలిజబెత్ 44 ఏళ్ల కంటే పొడుగ్గా కనబడుతుంది.

కాలరేఖను నిలువుగా తిప్పండి. ఒక సన్నని పట్టీలో వందేళ్లూ పెట్టి, దాని పక్కన 1545–1565 భాగాన్ని 18 సెంటీమీటర్ల ఎత్తులో వేరే పట్టీగా గీయండి. అక్కడ ఏడాదికి 9 మిల్లీమీటర్లు వస్తుంది. 9 పాయింట్ల తెలుగు వరుసకు సుమారు 5 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి కాబట్టి ఏడాదికి ఒక వరుస హాయిగా పడుతుంది. రెండు పట్టీల కొలతలు వేరని తెలిసేలా వాటి అంచులను రెండు ఏటవాలు గీతలతో కలపండి.

సమస్య 2: బొమ్మలో ఒక సంవత్సరం, పట్టికలో ఇంకొకటి

అచ్చుతప్పు అనుకుని ఏదో ఒకటి దిద్దేయకండి. అప్పటి ఇంగ్లండ్‌లో అధికారికంగా ఏడాది మారేది మార్చి 25న. హెన్రీ మరణం మన లెక్కలో 1547 జనవరి 28, ఆనాటి కాగితాల్లో 1546. 1549 జనవరిలో ఆమోదం పొందిన ఏకరూప ఆరాధన చట్టానికి కొన్నిచోట్ల 1548 అని కనిపించేదీ ఇలాంటి కారణంతోనే. ఆ పార్లమెంటు సమావేశాలు మొదలైంది కూడా 1548లోనే. జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలు తగిలితే ముందు దీన్నే అనుమానించాలి.

రెండో కారణం, ఒకే గ్రంథానికి ఒకటికి మించి తేదీలు ఉండటం. ఇంగ్లండ్ చర్చి నమ్మకాలను చెప్పే ముప్పై తొమ్మిది అధికరణాలను మతాచార్యుల సభ 1563లో ఖాయం చేసింది, పార్లమెంటు చట్టం దన్ను దొరికింది 1571లో. రెండూ సరైనవే. ఏ తేదీ వాడాలో ముందే తేల్చుకుని, దాన్ని పట్టిక శీర్షికలోనే చెప్పాలి. నేనైతే ‘అమల్లోకి వచ్చిన తేదీ’ ఎంచుకుంటాను, చర్చికి వెళ్లే మనిషికి మార్పు తెలిసేది ఆ రోజే కదా.

సమస్య 3: బొమ్మ చూసినవాళ్లు సంస్కరణ మెట్టు మెట్టుగా ముందుకే సాగిందనుకుంటున్నారు

అసలు చిక్కు ఇదే. గ్రంథాలను చుక్కలుగా పెట్టడం వల్ల వస్తుంది. ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకమైన బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్ కూర్పులకు 1549, 1552, 1559 అని మూడు చుక్కలు కనబడితే ఎవరైనా మూడు మెట్లే అనుకుంటారు. మేరీ వరుసలో ‘గ్రంథం’ గడి ఖాళీగా ఉండేసరికి ఆమె కాలంలో ఏమీ జరగలేదనిపిస్తుంది. నిజానికి ఆమె దేశాన్ని కాథలిక్ మతం వైపు వెనక్కి తిప్పింది.

చుక్క బదులు కడ్డీ గీయండి. గ్రంథం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లిందో కడ్డీ చెబుతుంది. పట్టికలో ‘ముందున్నదాన్ని ఏం చేసింది’ అనే నిలువు వరుస చేర్చండి:

| అమలు | పాలకులు | ఆరాధన విధానం | ముందున్నదాన్ని ఏం చేసింది |
|---|---|---|---|
| 1549 జూన్ | ఎడ్వర్డ్ | మొదటి బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్ | లాటిన్ విధానాన్ని తీసేసింది |
| 1552 నవంబరు | ఎడ్వర్డ్ | రెండో కూర్పు | గట్టిగా మార్చింది |
| 1553 డిసెంబరు | మేరీ | పాత లాటిన్ విధానం | రద్దు చేసింది |
| 1559 జూన్ | ఎలిజబెత్ | 1552 కూర్పే, కొద్ది మార్పులతో | లాటిన్ విధానాన్ని మళ్లీ తీసేసింది |

ఇప్పుడు రెండో కూర్పు కడ్డీ ఏడాది దాటగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి 1559 దాకా లాటిన్ విధానం కడ్డీ కనిపిస్తుంది. దానికి రంగుతో పాటు గీతల నింపు కూడా ఇవ్వండి, నలుపు–తెలుపు అచ్చులో రంగులన్నీ ఒకే బూడిదలా తేలతాయి. 1559 కడ్డీ చివర బాణం గుర్తు పెట్టాలి, అది ఎలిజబెత్‌తో ముగియలేదు.

పంపేముందు పట్టికలోని ఒక్కో వరుస చదువుతూ బొమ్మలో దాని కడ్డీ మొదలు మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. టిక్కు పడని కడ్డీ మిగిలిందంటే పట్టికలో ఒక వరుస తక్కువైనట్టే.