నేర న్యాయశాస్త్రం, 7వ పాఠం: కత్తి ఒకరిది, కేసు ఎందరిది?

పోయినసారి ఇచ్చిన కోయంబేడు లెక్కకి చాలామంది ఒకే జవాబు రాశారు: "నలుగురూ కలిసే వెళ్లారు, కాబట్టి నలుగురికీ హత్య నేరమే." అందుకే ఈరోజు మొదలుపెడదామనుకున్న కుట్ర పాఠం వాయిదా. ముందు ఈ ముడి విప్పాలి.

లెక్క మళ్లీ చెబుతాను. మదనపల్లె టమాటా వ్యాపారికి చెన్నై కోయంబేడు మార్కెట్లో ఒక మండీ యజమాని బాకీ. తెల్లవారుజామున వ్యాపారి, అతని బావమరిది, లారీ డ్రైవరు, క్లీనరు వెళ్లారు. దారిలో అనుకున్నది "రెండు తగిలిస్తే డబ్బు అదే వస్తుంది" అని. వ్యాపారి, డ్రైవరు కర్రలు పట్టుకున్నారు. బావమరిది నడుములో కత్తి ఉంది, ఆ సంగతి మిగతావాళ్లకి తెలియదు. క్లీనరు లారీ దగ్గరే ఉన్నాడు. దెబ్బలు పడుతుండగా యజమాని ఏదో తిట్టాడు, బావమరిది కత్తి తీసి కడుపులో పొడిచాడు. డ్రైవరు కర్ర పారేసి పరుగెత్తాడు. యజమాని చనిపోయాడు.

కొందరు ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరపు పనికి, ఒక్కొక్కరూ అది తానొక్కడే చేసినట్టు బాధ్యులనే ఐపీసీ 34వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 3(5). 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి ఈ కొత్త నంబరే రాయండి. అది విడిగా ఒక నేరం కాదని మొదటి పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్పను.

నన్ను విసిగించే పొరపాటు ఒకటుంది. ఇద్దరి మనసులో ఒకేలాంటి ఉద్దేశం ఉంటే చాలు, ఉమ్మడి ఉద్దేశం ఉన్నట్టేనని అనుకోవడం. 1945లో, అప్పట్లో మన చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ తేల్చిన మహబూబ్ షా కేసు చూడండి. సింధు నది ఒడ్డున రెల్లుగడ్డి దగ్గర గొడవ. సాయం కోసం అరుపు వినగానే ఇద్దరు తుపాకులతో వచ్చారు. ఒకరి గుండుకి ఒక మనిషి చనిపోయాడు, మహబూబ్ షా గుండుకి వేరొకతను గాయపడ్డాడు. ఇద్దరూ కాల్చారు, ఇద్దరూ తమవాణ్ణి కాపాడటానికే వచ్చారు. అయినా చంపాలని ముందే కలిసి అనుకున్నారనడానికి ఆధారం లేదని మహబూబ్ షా హత్య శిక్షను కొట్టేశారు. పక్కపక్కన నడిచే రెండు ఉద్దేశాలు ఒకటి కావు. ఒకరి మనసు ఇంకొకరికి తెలిసి, ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఇప్పుడు మన లెక్క. నేనైతే కాగితం మీద ప్రతి మనిషి పేరు కింద ఒకటే రాసుకుంటాను: ఏ క్షణానికి, ఏ పనికి ఒప్పుకున్నాడు? వ్యాపారి, డ్రైవరు కొట్టడానికి ఒప్పుకున్నారు. ఆ మేరకు 3(5) వర్తిస్తుంది, ఎవరి కర్ర తగిలిందో విడదీయక్కర్లేదు. కత్తి ఆ ఒప్పందంలో లేదు. కాబట్టి హత్య బావమరిదిది, మిగతా ఇద్దరికీ కర్ర గాయాల తీవ్రతను బట్టి గాయపరిచిన నేరం. ఒకే ఘటనలో వేర్వేరు నేరాలు ఉండవచ్చని 3(9) చెబుతుంది.

దీన్ని కొంచెం మార్చండి. మొదటి పోటు చూశాక కూడా వ్యాపారి యజమాని చేతులు వెనక్కి విరిచి పట్టుకుని "ఇంకోటి వెయ్" అన్నాడనుకోండి, రెండో పోటుకి ప్రాణం పోయింది. దారిలో చంపాలనుకోలేదన్న వాదన ఇక నిలవదు. ఉమ్మడి ఉద్దేశం అక్కడికక్కడే, క్షణంలో పుట్టవచ్చు. ఇప్పుడు వ్యాపారికీ హత్యే. డ్రైవరు అప్పటికే పారిపోయుంటే అతని పరిస్థితి మారదు.

క్లీనరు సంగతి అడిగినవాళ్లకి: వాడు ఊరికే నిద్రపోతున్నాడా, వాచ్‌మన్ వస్తే విజిల్ వేయడానికి నిలబడ్డాడా? 1923లో కలకత్తా శంకరీటోలా పోస్టాఫీసు దోపిడీలో పోస్టుమాస్టరును కాల్చి చంపారు. నిందితుల్లో ఒకడైన బరేంద్ర కుమార్ ఘోష్, తాను బయట నిలబడ్డానంతే అన్నాడు. ప్రివీ కౌన్సిల్ ఆ వాదన ఒప్పుకోలేదు. కాపలా కూడా పనిలో భాగమే. కానీ మన కథలో క్లీనరు కాపలా కాసినా అది కొట్టడానికే, కత్తికి కాదు. ఈ రెండో వాక్యం చాలామంది రాయరు, మార్కులు అక్కడే పోతాయి.

అభ్యాసం: చిత్తూరు దగ్గర టీ తాగుతుండగా డ్రైవరు ఆ కత్తి చూశాడు, ఏమీ అనలేదు, బండి ఎక్కాడు. హత్యకి అతను ఒప్పుకున్నట్టేనా? ఇరుపక్షాల వాదనా రాయండి. తర్వాత వ్యాపారి తమ్ముణ్ణి కూడా లారీ ఎక్కించి ఐదుగురిని చేయండి. అప్పుడు ఐదుగురు, అంతకు మించిన చట్టవిరుద్ధ గుంపులో ప్రతి ఒక్కరినీ బాధ్యుణ్ణి చేసే 190వ సెక్షన్ వస్తుంది, అక్కడ హత్య జరగవచ్చని తెలిసి ఉండటం కూడా చాలు. అదే డ్రైవరుకి జవాబు మారుతుందా? రెండు పేజీలు దాటకూడదు, సెక్షన్ నంబర్లతో మొదలుపెట్టిన జవాబు నేను చదవను.