నకిలీ ఆర్‌ఓ మెంబ్రేన్‌పై ఫిర్యాదు: ఫొటోలు, దరఖాస్తు విధానం

ఇంటి ఫిల్టర్‌లో కొత్తగా వేయించిన మెంబ్రేన్ నకిలీదని అనుమానముంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్‌లోనైతే 1915. ఫొటోలు జతచేయాలి కాబట్టి consumerhelpline.gov.in లో ఖాతా తెరిచి దాఖలు చేయడమే నయం. అసలు పని మాత్రం మెకానిక్ కవరు చించకముందే మొదలవుతుంది.

ముందు సీలు తీయని ప్యాకెట్‌ను అన్ని వైపులా ఫొటో తీయండి. తయారీదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ప్యాకెట్‌పై ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేనంత మాత్రాన సరుకు నకిలీదని తేలదు, కానీ ఫిర్యాదుకు అదో కారణమే. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే వెలుతురు పక్కనుంచి పడేలా తీయండి, అంచు తెలుస్తుంది.

తర్వాత నంబర్లు. పెట్టె మీది మోడల్, మెంబ్రేన్ చుట్టూ ఉన్న లేబుల్ మీది మోడల్ ఒకటే కావాలి. ఒకే విడతలో తయారైనవాటికి బ్యాచ్ నంబరు ఒకటే ఉండొచ్చు. సీరియల్ నంబరు మాత్రం రెండు ముక్కలకు ఒకటే ఉండకూడదు. మెంబ్రేన్ ఒక చివర నల్ల రబ్బరు సీలు, రెండో చివర సన్న గొట్టం మీద చిన్న ఓ రింగులు ఉంటాయి. పక్కన స్కేలు, తీసేసిన పాత మెంబ్రేన్ పెట్టి రెండు చివర్లూ తీయండి.

ఇక నీళ్లు. నల్లగొండలో ఒక ఇంటి బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత, 900 అనుకుందాం. కొత్త మెంబ్రేన్ తర్వాత 420 వస్తే, వడకట్టింది 53 శాతమే. మంచి మెంబ్రేన్ 90 శాతానికి పైగా ఆపుతుంది, అంటే టీడీఎస్ 90 లోపు రావాలి. అయినా తొందరపడొద్దు. ఫిల్టర్‌లో టీడీఎస్ కంట్రోలర్ ఉంటే అది పచ్చి నీళ్లు కలుపుతుంది, పూర్తిగా మూసి మళ్లీ చూడండి. ఓ రింగు తెగినా, సరిగ్గా కూర్చోకపోయినా బోరు నీళ్లు మంచినీళ్ల గొట్టంలోకి కారతాయి. అప్పుడు తప్పు బిగింపుది, సరుకుది కాదు. ఈ రెండూ సరిగా ఉన్నాకే టీడీఎస్ మీటరు అంకె కనబడేలా ఫొటో తీయండి. ఫ్లోరైడ్ ఎంతుందో మాత్రం ఈ మీటరు చెప్పదు, దానికి ల్యాబ్ పరీక్షే.

ఫొటోలతో నకిలీ అని అనుమానించగలం, తేల్చలేం. అందుకే బ్యాచ్ ఫొటోలను కంపెనీకి మెయిల్ చేసి 'ఇది మీదేనా' అని అడగండి. చిరునామా కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి తీసుకోండి, నకిలీ ప్యాకెట్‌పై ఫోన్ నంబరూ నకిలీదే కావచ్చు. ఆ జవాబే ఫిర్యాదుకు అన్నిటికన్నా గట్టి ఆధారం.

ఫిర్యాదులో దుకాణం పేరు, కొన్న తేదీ, చెల్లించిన మొత్తం, కోరేది డబ్బు వాపసా, అసలు సరుకా అన్నది స్పష్టంగా రాసి, బిల్లు జతచేయండి. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ పెట్టండి. డాకెట్ నంబరు వస్తుంది, దాచుకోండి.

హెల్ప్‌లైన్ రాజీ కుదురుస్తుందే గానీ ఆదేశాలివ్వదు. దుకాణదారు దిగిరాకపోతే e-jagriti.gov.in ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అప్పటిదాకా ఆ మెంబ్రేన్‌ను, పెట్టెను మెకానిక్‌కు ఇచ్చేయకండి.