తాళం తీసేలోపే ఆగని మూత్రం: నా అనుభవం

గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో బాగానే ఉండేవాణ్ణి. ఇంటి తాళం చేతిలోకి తీసుకోగానే ఇక ఆగేది కాదు. యూరిన్, షుగర్ పరీక్షలు, స్కానింగ్ అన్నీ మామూలే. మూడు రోజులు కొలిచి రాయమన్నారు డాక్టరమ్మ. కొలిస్తే రోజుకు 14 సార్లు, ఒక్కోసారి 110 మిల్లీలీటర్లే! మామూలుగా మూత్రాశయం 300 నుంచి 400 దాకా పట్టాలి.

అది నిండి గోడ సాగితే ఆ కబురు వెన్నుపాము మీదుగా మెదడు కాండంలోని పాన్స్‌కు చేరుతుంది. పాన్స్ ఒక స్విచ్ లాంటిది. అది పడితే మూత్రాశయ కండరం బిగుస్తుంది, మూతి కండరం వదులవుతుంది. స్విచ్ పడకుండా ఆపేది మెదడు ముందు భాగం. "ఎందుకైనా మంచిది" అని ప్రతిసారీ ముందే వెళ్లి, ఆ ఆపే అలవాటునే నేను చెడగొట్టుకున్నాను.

ఇప్పుడు ఆత్రం వస్తే పరుగెత్తను. నిలబడి, గ్యాస్ ఆపుకున్నట్టు అడుగు కండరాన్ని ఐదారుసార్లు టకటకా బిగించి వదులుతాను. ఆ బిగింపుకు మూత్రాశయం తనంతట తనే మెత్తబడుతుంది. నిమిషంలో ఆత్రం దిగాక నెమ్మదిగా నడుస్తాను.

ఒకసారి మూత్రానికి వెళ్లాక మళ్లీ వెళ్లడానికి గంట విరామంతో మొదలుపెట్టి వారానికి 15 నిమిషాలు పెంచాను. మూడో వారం తెలివితక్కువగా నీళ్లు తగ్గించాను; మూత్రం చిక్కబడి ఆత్రం ఇంకా ఎక్కువైంది, ఆ వారం వృథా. తొమ్మిదో వారానికి మూడు గంటలు, 260 మిల్లీలీటర్లు.

రక్తం, జ్వరం, మంట ఉన్నా, అసలు మూత్రం రాకపోయినా ఈ పద్ధతి పనికిరాదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.