పాయిజాన్ రేటు, 4వ పాఠం: ఎన్ని నెలల లెక్క కావాలి?

పాయిజాన్ లెక్కలో సగటు ఎంతో వేరియన్స్ కూడా అంతేనని పోయిన పాఠంలో చూశాం. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

విశాఖపట్నంలో 16వ నంబరు జాతీయ రహదారి మీది హనుమంతవాక జంక్షన్‌ను తీసుకుందాం. అంకెలు మాత్రం పాఠం కోసం అనుకున్నవే. నెలకు సుమారు 4 ప్రమాదాలు. ఈ రేటు 95 శాతం నమ్మకంతో, 20 శాతం అటూ ఇటూగా తెలియాలి. ఎన్ని నెలలు లెక్కపెట్టాలి?

చాలామంది నెలలతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది ప్రమాదాల సంఖ్యతో. మొత్తం n ప్రమాదాలు లెక్కకొస్తే ఆ సంఖ్యలో ఊగిసలాట √n. సంఖ్యతో పోలిస్తే అది 1/√n. 95 శాతం నమ్మకానికి దానికి 1.96 రెట్లు తీసుకుంటాం. కాబట్టి, r కావాల్సిన కచ్చితత్వం, λ నెలకు రేటు, T నెలల సంఖ్య అనుకుంటే:

```
n = (1.96 / r)^2
T = n / λ
```

r = 0.20 పెడితే n దాదాపు 96. నెలకు 4 చొప్పున T = 24 నెలలు. 10 శాతం కావాలంటే n 384 అవుతుంది, T 96 నెలలు. ఎనిమిదేళ్లలో సిగ్నల్ మారుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, అసలు రేటే మారిపోతుంది. అందుకే ఒక్క జంక్షన్‌కు 10 శాతం అడగడం అత్యాశే.

4 అన్నది మన ఊహ కదా, అది తప్పితే? నిజం 3 అయితే 24 నెలల్లో వచ్చేవి 72 ప్రమాదాలే, కచ్చితత్వం 23 శాతానికి జారుతుంది. అందుకని శాతంలో కచ్చితత్వం అడిగినప్పుడు ఊహను కాస్త తక్కువగానే పెట్టుకోండి.

పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఏడాది లెక్క ఇలా వచ్చిందనుకోండి: 3, 5, 4, 2, 6, 4, 9, 3, 1, 8, 2, 1. మొత్తం 48, సగటు 4. వేరియన్స్ మాత్రం 74/11, అంటే 6.7. రెండింటి నిష్పత్తి 1.7. పాయిజాన్ అయితే 1 దగ్గర ఉండాలి. వాన నెలలు ఎక్కువ ప్రమాదాలు తెచ్చినా, ఒక్క బస్సు ప్రమాదంలో గాయపడ్డ ఐదుగురినీ ఐదు ప్రమాదాలుగా రాసినా ఇలాగే ఉబ్బుతుంది. రెండోది రిజిస్టర్ తప్పు, ముందు దాన్ని సరిచేయండి.

12 నెలల లెక్కలో 1.79 దాకా నిష్పత్తి యాదృచ్ఛికంగానూ రావచ్చు, కాబట్టి 1.7 చూసి పాయిజాన్ కాదని తేల్చేయలేం. అయినా ప్లాన్ వేసేటప్పుడు జాగ్రత్తవైపే మొగ్గాలి: 24 × 1.7 = 41 నెలలు. వానాకాలం ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా దాన్ని పూర్తి ఏళ్లకు పెంచి 48 చేయండి.

అంత వ్యవధి లేదంటే, ఒకే తరహా జంక్షన్లు నాలుగింటిని కలిపి ఏడాది లెక్కించినా 48 జంక్షన్-నెలలు వస్తాయి. కానీ తెలిసేది నాలుగింటి సగటు రేటే, హనుమంతవాకది కాదు.

వచ్చే పాఠంలో: ప్రమాదాలు పదికి లోపే ఉంటే √n ఎందుకు పనిచేయదు.