లగ్నం వేయడం నేర్చుకుందాం – 4: మేషమా, వృషభమా?

పుట్టిన క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశే లగ్నమని కిందటి పాఠంలో చూశాం. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల పన్నెండు రాశులూ ఒక్క రోజులో వరసగా ఉదయిస్తాయి. సగటున రాశికి రెండు గంటలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. అయితే రాశులన్నీ ఒకే వేగంతో రావు. హైదరాబాదులో మీనం గంటా నలభై నిమిషాలలోపే దాటిపోతుంది, వృశ్చికానికి దాదాపు రెండుంపావు గంటలు పడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 2024 మే 1న హైదరాబాదులో ఒక పాప పుట్టిందనుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో 6:38 అని ఉంది. "కాదు, ఏడుపు వినగానే నేను గడియారం చూశా, పావు తక్కువ ఏడు దాటింది" అంటుంది అమ్మమ్మ. ఆమె మాట ప్రకారం 6:46 అనుకుందాం.

సూర్యోదయానికి లగ్నం సూర్యుడున్న డిగ్రీలోనే ఉంటుంది. ఆ రోజు సూర్యుడు మేషంలో దాదాపు 17 డిగ్రీల దగ్గర ఉన్నాడు, సూర్యోదయం ఇంచుమించు 5:50. మేషంలో ఇంకా 13 డిగ్రీలు మిగిలాయి. ఇక్కడ మేషానికి డిగ్రీకి సుమారు మూడున్నర నిమిషాలు కాబట్టి 46 నిమిషాలు కలిపితే 6:36కే వృషభం మొదలవ్వాలి. అంటే ఇద్దరి సమయాలకూ వృషభమే!

తొందరపడకండి. మనం తీసుకున్న 5:50 కంటికి సూర్యబింబం పైఅంచు కనబడే సమయం. బింబం మధ్యను కాక అంచును చూడటం వల్ల, గాలిపొర కాంతిని వంచడం వల్ల అది అసలు ఉదయం కంటే దాదాపు నాలుగు నిమిషాలు ముందే వస్తుంది. పైగా మేషం చివరి భాగం కాస్త నెమ్మదిగా ఉదయిస్తుంది. ఈ రెండూ సవరించి, రాశిచక్రం మొదలు ఎక్కడో తేల్చే లాహిరి అయనాంశతో లెక్కిస్తే మేషం ముగిసేది 6:41 దాటాక. కాబట్టి 6:38కి మేషం, 6:46కి వృషభం.

ఈ ఎనిమిది నిమిషాల్లో చంద్రుడు కదిలేది డిగ్రీలో పదో వంతు కూడా కాదు. అందుకే చంద్రుడుండే నక్షత్రం, రాశి దాదాపు ఎప్పుడూ మారవు, "రాశి సరిపోయింది కదా" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ లగ్నాధిపతి కుజుడి బదులు శుక్రుడవుతాడు, ఒకటో ఇంట్లో ఉన్న సూర్యుడు పన్నెండో ఇంటికి పోతాడు. మొత్తం భావాలన్నీ ఒక ఇల్లు జరుగుతాయి.

మరి ఎవరి సమయం తీసుకోవాలి? నేనైతే ఆసుపత్రి రికార్డునే ముందు చూస్తాను, కానీ 6:40, 6:45 లాంటి అంకె కనిపిస్తే ఐదు నిమిషాలకు గుండ్రం చేశారేమోనని అనుమానిస్తాను. హైదరాబాదులో స్థానిక సమయం ఐ.ఎస్.టి. కంటే సుమారు 16 నిమిషాలు వెనక. సాఫ్ట్‌వేర్ ఈ తేడాను ఊరి రేఖాంశం నుంచే సరిచేసుకుంటుంది, మీరు మళ్లీ తీసేస్తే లగ్నం నాలుగైదు డిగ్రీలు తప్పుతుంది.

అభ్యాసం: మీ జాతకంలో లగ్న డిగ్రీ చూడండి. అది 2 లోపో 28 పైనో ఉంటే, సమయాన్ని పది నిమిషాలు ముందుకు, వెనక్కు జరిపి రెండు చక్రాలు వేయండి. తర్వాత అయనాంశను రామన్‌కు మార్చి చూడండి. మన ఉదాహరణలో అలా మారిస్తే 6:38 కూడా వృషభంలోకే పోతుంది. ఎందుకో వచ్చే పాఠంలో.