స.హ. చట్టం సొంతంగా నేర్చుకుందాం – 6వ పాఠం: "వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేము" అన్నప్పుడు

పోయిన పాఠంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం చూశాం. ఈసారి ఒక సమస్యను ముందు పెట్టుకుని విప్పుదాం. కింద చెప్పేది కల్పిత ఉదాహరణే, కానీ మన వైపు ఆఫీసుల్లో ఇలాంటి జవాబు కొత్తేం కాదు.

నల్లగొండ జిల్లాలో ఒక ఊరు అనుకోండి. ఇందిరమ్మ ఇళ్ల లిస్టు వచ్చింది. స్లాబు ఇల్లు ఉన్న ఒకాయనకు కూడా ఇల్లు మంజూరైందని, బేస్‌మెంట్ బిల్లు కూడా పడిందని ఊళ్లో అనుకుంటున్నారు. పేరు రాని ఒక రైతు మండల ఆఫీసుకు 5 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టాడు. మూడు అంశాలు అడిగాడు. ఒకటి, ఊరి లబ్ధిదారుల పేర్లు, ఎవరికి ఏ దశలో ఎంత బిల్లు ఇచ్చారో ఆ వివరాలు. రెండు, ఆ ఒక్క ఇంటికి సంబంధించిన విచారణ నివేదిక, ఫొటోలతో సహా. మూడు, అందరి ఆధార్, బ్యాంకు పాసుబుక్కు కాపీలు, ఫోన్ నంబర్లు. మార్చి 3న పెడితే 28న జవాబు చేతికొచ్చింది.

"మీరు కోరిన సమాచారం వ్యక్తిగతమైనది. సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము."

అంతే, ఒక్క లైను. అడగబోతే క్లర్కు, "అన్నా, ఇది పర్సనల్ ఇన్ఫర్మేషన్ కిందికొస్తది, ఇస్తే మాకు ఇబ్బంది" అన్నాడట.

ఇప్పుడు ప్రశ్న: ఈ తిరస్కరణ నిలుస్తుందా?

ముందు చూడాల్సింది, ఇప్పుడు అమల్లో ఉన్న 8(1)(జె) ఏది అన్నది. చాలామంది పాత పాఠాన్నే బట్టీ పట్టి అప్పీలు రాస్తారు, అక్కడే దెబ్బ తింటారు. పాత క్లాజు ప్రకారం వ్యక్తిగత సమాచారం అని చెప్పేస్తే సరిపోయేది కాదు. దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదనో, ఇస్తే అనవసరంగా ఒకరి గోప్యతలోకి చొరబడినట్టవుతుందనో ఆఫీసు చూపించాలి. అప్పుడు కూడా విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చు. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న మాట కూడా అక్కడే ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇదంతా తీసేసింది. ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. క్లాజులో ఇప్పుడు మిగిలింది "వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం" అన్న ముక్క మాత్రమే.

అంటే తలుపు మూసుకుపోయినట్టేనా? కాదు. సెక్షన్ 8(2) అలాగే ఉంది. 8(1)లో ఏ మినహాయింపు వర్తించినా, సమాచారం ఇవ్వడంలోని ప్రజా ప్రయోజనం రక్షించాల్సిన ప్రయోజనానికి కలిగే హాని కంటే ఎక్కువైతే, ప్రభుత్వ సంస్థ ఇవ్వొచ్చని అది చెబుతుంది. నా ఉద్దేశంలో ఇప్పటి అప్పీళ్లన్నీ ఈ ఒక్క సెక్షన్ మీదే నిలబడాలి.

అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, చట్టం "ఇవ్వొచ్చు" అంటోంది, "ఇవ్వాలి" అనడం లేదు. అదీ "ప్రభుత్వ సంస్థ" అంటోంది, సమాచార అధికారి అనడం లేదు. అందుకే "అది నా చేతిలో లేదు" అని కింది అధికారి తప్పించుకోవచ్చు. దరఖాస్తులోనో అప్పీలులోనో 8(2) పేరెత్తి, పై అధికారి ముందు పెట్టమని రాయాలి. రెండోది, సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. నిజమే. కానీ 8(2) వాడుకుంటున్నప్పుడు మౌనంగా ఉంటే తూకంలో మీ వైపు వేయడానికి ఏముంటుంది? కారణం చెప్పమని వాళ్లు అడగలేరు, కానీ మీరే చెప్పుకోవాలి.

ఇక మూడు అంశాలనూ విడివిడిగా తూచాలి. ఒకే మూటగా వాదిస్తే, మూడో అంశం బరువుకు మొదటి రెండూ మునిగిపోతాయి.

మొదటి అంశంలో పేర్లు వ్యక్తిగతమే, ఒప్పుకుందాం. కానీ సెక్షన్ 4(1)(బి)(12) ప్రకారం సబ్సిడీ పథకాల మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రచురించాలి. చట్టమే ప్రచురించమన్నది బయటపడితే హాని ఏమిటో చెప్పమని అడగొచ్చు. ఇక్కడ జాగ్రత్త: "సెక్షన్ 4 ఉంది కాబట్టి 8 చెల్లదు" అని రాయకండి. సెక్షన్ 8 మొదలయ్యేదే ఈ చట్టంలో ఏమి ఉన్నప్పటికీ అన్న అర్థంతో. కాబట్టి సెక్షన్ 4ను 8(2) తూకంలో మన వైపు రాయిగా వేయాలి. అది ఒక్కటే గెలిపించదు.

రెండో అంశమే అసలు పోరు. విచారణ నివేదికలో ఆ కుటుంబం ఆదాయం, ఇంట్లో ఎవరు వితంతువు, ఎవరికి జబ్బు వంటివి ఉండొచ్చు. వాటిని బయటపెడితే నిజంగానే హాని. కానీ అర్హత ఎలా తేల్చారు, ఎవరు వెళ్లి చూశారు, ఏ తేదీన, పాత ఇంటి గురించి ఏం రాశారు అన్నవి ఆ కుటుంబం గుట్టు కాదు, అధికారి పని. సెక్షన్ 10 ప్రకారం ఇవ్వకూడని లైన్లు చెరిపి మిగతాది ఇవ్వొచ్చు. తిరస్కరణ లేఖలో దీని ఊసే లేదు.

మూడో అంశం వదిలేయండి. ఆధార్, ఖాతా నంబర్లతో అవినీతి రుజువు కాదు, మోసాలకు దారి మాత్రం ఏర్పడుతుంది. అప్పీలులో "ఈ అంశాన్ని ఉపసంహరించుకుంటున్నాను" అని రాస్తే, పట్టు కోసం కాక పని కోసం అడుగుతున్నారని తెలుస్తుంది.

సెక్షన్ 11 కింద మూడో పక్షానికి, అంటే ఆ సమాచారం ఎవరిదో వాళ్లకు, నోటీసు ఇవ్వలేదు కాబట్టి తిరస్కరణ చెల్లదు అని కొందరు విద్యార్థులు రాస్తారు. ఆ నోటీసు సమాచారం ఇద్దామని అధికారి అనుకున్నప్పుడు, ఆ పక్షం దాన్ని గోప్యంగా ఉంచుకున్నప్పుడు. ఇవ్వననేసిన ఈ జవాబుకు అది అతకదు.

లేఖ రూపంలోనూ లోపం ఉంది. సెక్షన్ 7(8) ప్రకారం కారణాలు, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు ఉండాలి. సెక్షన్ నంబరు రాయడం కారణం చెప్పడం కాదు. నిరాకరణ సరైనదేనని చూపించే బాధ్యత కూడా 19(5) ప్రకారం అధికారిదే.

ఇప్పుడు అప్పీలు. జవాబు అందిన నాటి నుంచి 30 రోజులు, అంటే ఏప్రిల్ 27 లోపు. ప్రధాన పేరా ఇలా ఉండొచ్చు:

"రెండో అంశంలో కోరినది ఆ కుటుంబ వివరాలు కాదు, అర్హత నిర్ణయించిన తీరు. సదరు స్థలంలో స్లాబు ఇల్లు ఇప్పటికే ఉన్నట్లు జతపరచిన ఫొటో చూపుతోంది. ప్రజాధనం అర్హులకే చేరిందా అని ఊరు తెలుసుకోవడంలోని ప్రయోజనం, ఆదాయం, ఆరోగ్యం, కుటుంబ స్థితి వివరాలు సెక్షన్ 10 కింద తొలగించిన తర్వాత మిగిలే హాని కంటే ఎక్కువ. కావున సెక్షన్ 8(2) కింద నివేదిక ఇప్పించగలరు."

ఇక్కడ బలమంతా ఆ ఫొటోలో ఉంది. "ఊళ్లో అనుకుంటున్నారు" అని రాస్తే పుకారు. ఫొటో, గ్రామసభ లిస్టు, ఇంటి పన్ను రసీదు, ఇవే తూకంలో పడతాయి. అయినా గెలుపు ఖాయమని చెప్పను. అప్పీలు అధికారి అదే ఆఫీసు మనిషి. 2019లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గోప్యతను, సమాచార హక్కును ఒక్కో కేసు చూసి తూచాలని చెప్పింది. అది పాత క్లాజు మీద తీర్పు. తూకం పద్ధతి కోసం ఉదహరించండి కానీ, ఇప్పటి క్లాజుకు నేరుగా అతికించకండి.

ఇంటిపని: పాలమూరు వైపు ఒక పీహెచ్‌సీ. డాక్టరు వారాల తరబడి రాలేదని హాజరు పట్టిక, సెలవు దరఖాస్తులు, వాటికి జతచేసిన మెడికల్ సర్టిఫికెట్లు అడిగారు. మూడింటికీ 8(1)(జె) అన్నారు. ఏది అడగాలి, ఏది చెరిపించి అడగాలి, ఏది వదలాలి? ఒక్కోదానికి రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో మొదటి అప్పీలూ తోసేస్తే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు ఎలా వెళ్లాలో దీంతోనే మొదలుపెడదాం.